పి ధ్రువణానికి రీడింగ్ సున్నాకి రావడం లేదు, గాజు వక్రీభవన గుణకం 1.46 వస్తోంది

ల్యాబ్_రికార్డు
ఎమ్మెస్సీ మొదటి ఏడాది. ఏటవాలుగా పడిన కాంతి గాజు మీద ఎంత పరావర్తనం చెందుతుందో పతన కోణంతో గీయమన్నారు. ఒకసారి ధ్రువణం పతన తలంలో, అంటే కాంతి వచ్చే దారి, పోయే దారి కలిపిన తలంలో ఉండగా, దీన్నే పి ధ్రువణం అంటారు, ఇంకోసారి పతన తలానికి లంబంగా ఉండగా. ఎర్ర డయోడ్ లేజర్, దాని ముందు పోలరైజర్, స్పెక్ట్రోమీటర్ బల్ల మీద గాజు ప్రిజం, టెలిస్కోప్ తీసేసి ఆ చేతికి ఫోటోడయోడ్ బిగించాం. ట్యూబ్‌లైట్లు ఆర్పేసి, చీకట్లో వచ్చే రీడింగ్ తీసేసి రాసిన లెక్కలు ఇవి.

ప్రిజం లేకుండా నేరుగా కొట్టినప్పుడు 1000 మైక్రోఆంప్స్. పతన తలంలో ధ్రువణం పెట్టినప్పుడు 20 డిగ్రీల దగ్గర 35.6, 40 దగ్గర 17.2, 70 దగ్గర 49.8. మధ్యలో అన్నిటికన్నా తక్కువ వచ్చింది 55.6 డిగ్రీల దగ్గర, 4.6. పుస్తకం ప్రకారం అక్కడ సున్నా రావాలి. ఆ కోణంతో n = tan θ వేస్తే గుణకం 1.46. ఇదే ప్రిజంకి పోయిన నెల సోడియం దీపంతో కనిష్ఠ విచలనం పద్ధతిలో నాకే 1.517 వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఇంతే. సోమవారం రికార్డు పెట్టాలి, టెన్షన్‌గా ఉంది. లంబ ధ్రువణం గీత మాత్రం పుస్తకంలో బొమ్మలాగే చక్కగా వచ్చింది.

సగంవెలుగు
సోడియం పసుపు, నీ లేజర్ ఎరుపు. రంగు మారితే గుణకం మారుతుంది కదా. అదే తేడా.

తూనిక
మారుతుంది కానీ అంత కాదు. మామూలు క్రౌన్ గాజుకి పసుపు నుంచి ఎరుపుకి వెళితే 1.517 కాస్తా 1.515 అవుతుంది. కోణంలో అది ఒక డిగ్రీలో పదోవంతు కూడా కాదు. ఇక్కడ తప్పింది పూర్తిగా ఒక డిగ్రీ.

గాజుపలక
ప్రిజం తుడిచావా? మా కాలేజీలో వేలిముద్రలు పడిన గాజుతో చేసి సున్నా రాలేదని వారం కొట్టుకున్నాం. స్పిరిట్‌తో తుడిచాక తగ్గింది.

ల్యాబ్_రికార్డు
మొదటి రోజే తుడిచాను. మళ్ళీ తుడిచినా 4.6 కదల్లేదు.

కెమెరా_కన్ను
నేను ఫిజిక్సు మనిషిని కాను, విజయవాడలో ఫోటో స్టూడియో. కానీ ఇది మాకు రోజూ ఉండే పనే. అద్దం బిగించిన పటాలు ఫోటో తీయాలంటే మెరుపు పోవాలి, లెన్స్‌కి పోలరైజర్ ఫిల్టర్ తగిలిస్తాం. పటానికి ఎదురుగా నిలబడి తీస్తే ఫిల్టర్ ఎంత తిప్పినా మెరుపు పోదు. బాగా పక్కకి జరిగి ఏటవాలుగా చూస్తే ఒక చోట ఫిల్టర్ తిప్పగానే అద్దం లేనట్టే అయిపోతుంది. నా అనుభవంలో ఫిల్టర్ ఏ కొంచెం అటూ ఇటూ ఉన్నా మెరుపు మళ్ళీ వచ్చేస్తుంది. మీ పోలరైజర్ సరిగ్గా తిప్పి ఉందా?

అలాగే ఒక సందేహం. స్టీలు బిందెల మీద మెరుపు ఎలా నిలబడినా పోదు. ఎందుకు?

సగంవెలుగు
కెమెరా గారు చెప్పింది కరెక్టే. పోలరైజ్డ్ చలువ కళ్ళజోళ్ళు కూడా అంతే, నిలువు ధ్రువణాన్ని లోపలికి వదిలి రోడ్డు మీద మెరుపుని ఆపేస్తాయి. కాబట్టి పతన తలంలో ధ్రువణం అంటే నిలువు. తమ్ముడూ, నీ పోలరైజర్‌ని నిలువుకి పెట్టి చూడు, సున్నా వస్తుంది.

తూనిక
ఆగండి, అలా పెడితే అతని ప్రయోగం తలకిందులవుతుంది. రోడ్డు నేల మీద పడుకుని ఉంది కాబట్టి కాంతి వచ్చే దారి, పోయే దారి కలిపిన తలం నిలువుగా ఉంటుంది. స్పెక్ట్రోమీటర్‌లో ప్రిజం ముఖమే నిలువుగా నిలబడి ఉంటుంది. లేజర్, ఫోటోడయోడ్ రెండూ బల్లకి సమాంతరంగా తిరుగుతాయి. అక్కడ పతన తలం అడ్డంగా ఉంది. కాబట్టి అతనికి పతన తలంలో ధ్రువణం అంటే అడ్డం, లంబ ధ్రువణం అంటే నిలువు. నిలువు, అడ్డం అనే మాటలు పక్కనపెట్టి ప్రతిసారీ అద్దం ఎటు చూస్తోందో చూసుకోవాలి.

సగంవెలుగు
నిజమే, ప్రిజం నిలబెట్టి ఉంటుందని ఆలోచించలేదు.

రిటైర్డ్_మాస్టారు
ఈ గందరగోళం ఈనాటిది కాదు బాబూ. నా దగ్గరున్న పాత పుస్తకాల్లో ఇంకో తిరకాసు ఉంది. 1808లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మాలస్ పారిస్‌లో తన ఇంటి నుంచి లక్సెంబర్గ్ భవనం కిటికీ అద్దాల మీద పడిన సూర్యుడి వెలుగును స్ఫటికం గుండా చూసి, అద్దం మీద నుంచి వచ్చిన కాంతి ధ్రువణం చెంది ఉందని కనిపెట్టాడు. అలా పరావర్తనం చెందిన కాంతిని ‘పతన తలంలో ధ్రువణమైనది’ అని పిలిచాడు. ఆ తరువాత తేలిందేమిటంటే, దాని విద్యుత్ క్షేత్రం ఊగేది ఆ తలానికి లంబంగా. అంటే పాత పుస్తకంలో ‘పతన తలంలో ధ్రువణం’ అని ఉంటే ఈనాటి భాషలో అది లంబ ధ్రువణం. ఆ రాతలు చూసి బాగా పరావర్తనం చెందేది పతన తలంలోనిది అనుకుంటారు. విద్యుత్ క్షేత్రం ఎటు ఊగుతోంది అని మాత్రమే అడగండి, గొడవ తీరిపోతుంది.

పెద్దాపురం_పిల్ల
మాస్టారూ, ఇది నాకు చాలా పనికొచ్చింది. మా సీనియర్ రికార్డులో పేర్లు రెండూ తారుమారుగా ఉన్నాయి, తను తప్పు రాశాడనుకున్నాను. పాత పుస్తకం చూసి రాసినట్టున్నాడు.

తూనిక
అసలు విషయానికి వస్తాను. ల్యాబ్_రికార్డు, ఒక ప్రశ్న. లంబ ధ్రువణానికి పోలరైజర్‌ని 90 డిగ్రీలు తిప్పినప్పుడు ప్రిజం లేకుండా నేరు రీడింగ్ మళ్ళీ తీశావా? ఎంత వచ్చింది?

ల్యాబ్_రికార్డు
తీశాను అన్నా. 490. డయోడ్ లేజర్ కాంతి ముందే ధ్రువణం చెంది ఉంటుంది కాబట్టి, రెండింటికీ సమానంగా రావాలని లేజర్‌ని దాని గొట్టంలో 45 డిగ్రీలు తిప్పి బిగించామని డెమాన్‌స్ట్రేటర్ చెప్పారు. సమానం రాకపోయినా ఫర్వాలేదు, ఎవరి నేరు రీడింగ్‌తో వాళ్ళని భాగిస్తే సరిపోతుందని వదిలేశాను.

తూనిక
భాగించడం సరైనదే. కానీ ఆ 490 నీకు ఒక మాట చెబుతోంది. లేజర్ నిజంగా 45లో ఉండి పోలరైజర్ నిజంగా అడ్డంగా, నిలువుగా ఉంటే రెండూ సమానం కావాలి. 0.49 అంటే tan² 35°. అంటే లేజర్ ధ్రువణం నీ పోలరైజర్ అక్షానికి 45 కాకుండా 35 డిగ్రీల్లో ఉంది. ఎక్కడో 10 డిగ్రీల తేడా ఉంది. లేజర్‌ని కంటి చూపుతో తిప్పారు కాబట్టి తప్పు అక్కడే ఉండొచ్చు, అప్పుడు నష్టమేమీ లేదు. తప్పు పోలరైజర్ డయల్‌లో ఉంటే మాత్రం నీ గొడవంతా దానిదే.

రెండో సాక్ష్యం నీ 4.6. అసలు పతన తలంలో ఊగే కాంతి 56.6 డిగ్రీల దగ్గర పూర్తిగా సున్నా. అదే కోణంలో లంబంగా ఊగేది సున్నాకి దగ్గర్లో కూడా ఉండదు, 15.4 శాతం తిరిగి వస్తుంది. నీ పోలరైజర్ 10 డిగ్రీలు పక్కకి ఉంటే నువ్వు అడ్డం అనుకుంటున్న కాంతిలో sin² 10°, అంటే 3 శాతం, నిలువుగా ఊగుతోంది. ఆ 3 శాతంలో 15 శాతం తిరిగొస్తుంది. 1000కి అది దాదాపు నాలుగున్నర. నీకు వచ్చింది 4.6.

పెద్దాపురం_పిల్ల
రెండు వేరు వేరు దారుల్లో 10 డిగ్రీలే రావడం చూసి ఒళ్ళు జలదరించింది.

సగంవెలుగు
సరే, సున్నా రాకపోవడానికి కారణం తేలింది. కానీ కోణం ఎందుకు మారింది? లంబ ధ్రువణం కలిసినా కింద ఒక స్థిరమైన అడుగు చేరుతుందంతే కదా. గుంత లోతు తగ్గుతుంది, గుంత చోటు మారకూడదు.

తూనిక
ఆ అడుగు చదునుగా ఉంటే మీరు చెప్పిందే జరిగేది. కానీ లంబ ధ్రువణం పరావర్తనం కోణంతో పాటు ఎక్కుతూనే పోతుంది. 20 డిగ్రీల దగ్గర 5 శాతం లోపు, 56 దగ్గర 15, 80 దగ్గర 54 శాతం. మెట్ట మీద గుంత తవ్వినట్టు అనుకోండి. నేల ఒక పక్కకి ఎక్కుతూ ఉంటే గుంతలో అన్నిటికన్నా లోతైన చోటు పల్లం వైపు జరుగుతుంది. ఇక్కడ పల్లం అంటే తక్కువ కోణం వైపు.

ఎంత జరుగుతుందో లెక్క వేశాను. 55.0 దగ్గర మొత్తం 4.59, 55.5 దగ్గర 4.56, అసలు కోణం 56.6 దగ్గర 4.66. గుంత అడుగు 55.6 దగ్గరకి వచ్చేసింది. n = tan 55.6° వేస్తే 1.46. నువ్వు రాసింది అదే అంకె. మూడుసార్లూ అదే వచ్చిందంటే నువ్వు కొలవడంలో తప్పు చేయలేదు, చాలా శ్రద్ధగా కొలిచావు. తప్పు ఆ డయల్ మీద ఉంది.

ల్యాబ్_రికార్డు
అన్నా, రెండు రోజులుగా నిద్ర లేదు. ఒక్కటి అడుగుతాను. 10 డిగ్రీలు తప్పినా లంబ ధ్రువణం గీత ఎలా బాగా వచ్చింది?

తూనిక
అక్కడ కూడా 3 శాతం వేరే ధ్రువణం కలిసింది, కానీ కలిసింది చిన్న సంఖ్య. 55.5 దగ్గర 14.7 శాతం రావాల్సింది 14.3 వస్తుంది. గ్రాఫ్ మీద అది పెన్సిల్ గీత మందం. పెద్దదానిలో చిన్నది కలిస్తే కనపడదు. సున్నాలో ఏది కలిసినా కనపడుతుంది.

గాజుపలక
ఇంకో మాట. ప్రిజం వాడావు కాబట్టి బతికిపోయావు. మేము మైక్రోస్కోప్ స్లైడ్ వాడాం. వెనక ముఖం మీద నుంచి వచ్చే కాంతి కూడా అదే దిశలో వచ్చి కలిసిపోతుంది, తక్కువ కోణాల్లో 4 శాతం రావాల్సిన చోట 8 దగ్గరకి వచ్చేది. ప్రిజంలో రెండో ముఖం వంకరగా ఉంటుంది కాబట్టి అది వేరే దారిన పోతుంది.

తూనిక
అవును. స్లైడ్‌తో వచ్చిన మంచి ఏమిటంటే, ముందు ముఖానికి కోణం సరిగ్గా కుదిరితే వెనక ముఖానికి కూడా దానంతట అదే కుదురుతుంది. కాబట్టి సున్నా కోణం స్లైడ్‌తో కూడా సరిగ్గానే వస్తుంది, మిగతా గీతే చెడుతుంది.

కెమెరా_కన్ను
అయితే నేను అడిగింది ఫర్వాలేదన్నమాట. డయల్‌ని నమ్మకుండా అక్షం ఎటుందో చూసే మార్గం మా దగ్గర ఒకటుంది. నున్నటి టైల్స్ నేల మీద కిటికీ వెలుగు మెరుస్తుంటే కాస్త దూరం నుంచి ఏటవాలుగా ఫిల్టర్ గుండా చూడండి. తిప్పుతూ పోతే మెరుపు బాగా చచ్చిపోయే చోట ఆగండి. అప్పుడు ఫిల్టర్ వదులుతున్నది నిలువు కాంతిని. అక్కడ మార్కర్‌తో గీత పెట్టుకోవడమే. నేను కొన్న ప్రతి ఫిల్టర్‌కి ఇలాగే గీత పెడతాను, కంపెనీ గీతని నమ్మను.

తూనిక
చాలా మంచి పద్ధతి. ఐదు డిగ్రీల లోపు తేలిపోతుంది. మిగతాది ప్రయోగంలోనే సరిచేయొచ్చు. ల్యాబ్_రికార్డు, ఇలా చెయ్యి. పతన కోణం 56.6 దగ్గర పెట్టు. ప్రిజం కదపకుండా పోలరైజర్‌ని మెల్లగా తిప్పి రీడింగ్ అతి తక్కువ వచ్చే చోట ఆపు. ఇప్పుడు పోలరైజర్ వదిలేసి కోణం మార్చి మళ్ళీ తక్కువ వచ్చే చోటు వెతుకు. మళ్ళీ పోలరైజర్. రెండు మూడుసార్లు ఇలా అటూ ఇటూ చేస్తే రెండూ కుదురుతాయి. కోణం నువ్వు ఎలాగూ తిప్పుతూ కొలుస్తావు కాబట్టి అందులో తప్పు దానంతట అదే బయటపడుతుంది. పోలరైజర్‌ని ఒకసారి బిగించి వదిలేస్తాం, అందుకే దాని తప్పు చివరి వరకూ దాక్కుంటుంది.

స్టీలు బిందె సంగతి: లోహంలో కాంతి లోపలికి పోతూనే మింగుడుపడుతుంది. అందువల్ల పతన తలంలోని ధ్రువణం ఒక కోణం దగ్గర తగ్గుతుంది కానీ సున్నా కాదు. మీ ఫిల్టర్ ఎలా తిప్పినా మెరుపు మిగులుతుంది.

కెమెరా_కన్ను
ఇన్నేళ్ళూ నాకే చేతకావడం లేదనుకున్నాను.

పెద్దాపురం_పిల్ల
అసలు సున్నా ఎందుకు అవుతుందో మా మేడమ్ ఇలా చెప్పారు. గాజులో ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్ళిన కాంతి విద్యుత్ క్షేత్రం వెంట ఊగుతాయి. ఊగే ఎలక్ట్రాన్ తను ఊగే దిశలో కాంతి పంపదు, పక్కలకే పంపుతుంది. ఆ కోణంలో గాజు లోపలి కిరణానికి, పైకి వచ్చే కిరణానికి సరిగ్గా 90 డిగ్రీలు. కాబట్టి పతన తలంలో ఊగేవి సరిగ్గా బయటకి రావాల్సిన దారి వెంటే ఊగుతుంటాయి, ఆ దారిన ఏమీ పంపలేవు. లంబంగా ఊగే వాటికి ఈ చిక్కు లేదు, అందుకే అవి ఏ కోణంలోనూ సున్నా కావు. నాకు ఇది అన్నిటికన్నా నచ్చిన వివరణ.

గాజుపలక
నాకూ నచ్చేది, ఒక ప్రశ్న తగిలేవరకు. కాంతి గాజు లోపలి నుంచి గాలిలోకి వస్తుంటే 33.4 డిగ్రీల దగ్గర కూడా పతన తలం ధ్రువణం సున్నా అవుతుంది. అక్కడ రెండో వైపు గాలి. గాలి బదులు శూన్యం పెట్టుకో. ఊగడానికి ఎలక్ట్రాన్లే లేవు. మరి ఏది ఊగి ఏది పంపలేకపోయింది?

పెద్దాపురం_పిల్ల
అది ఎప్పుడూ ఆలోచించలేదు. మేడమ్‌ని అడుగుతాను.

రిటైర్డ్_మాస్టారు
అక్కడ సున్నా అవుతుందనడానికి వేరే దారి ఉంది. కాంతి దారిని వెనక్కి తిప్పండి. గాలి నుంచి గాజులోకి 56.6 దగ్గర వెళ్ళినప్పుడు పరావర్తనం లేకుండా అంతా లోపలికి పోయింది. దాన్నే వెనక్కి నడిపితే, 33.4 దగ్గర లోపలి నుంచి వచ్చినది అంతా బయటికి పోవాలి, లోపలికి తిరగకూడదు. కాబట్టి అదీ సున్నాయే.

గాజుపలక
మాస్టారూ, సున్నా అవుతుందని ఒప్పుకుంటాను. కానీ ఎలక్ట్రాన్ల బొమ్మతో చెప్పడం నాకింకా కుదరలేదు. అటువైపు ఏమీ లేనప్పుడు లోపలికి తిరిగొచ్చే కాంతిని పుట్టించేవి ఇటువైపు గాజులోని ఎలక్ట్రాన్లే అయి ఉండాలి, అవి మొత్తం కలిపి ఆ దిశలో ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి.

తూనిక
దారి అదే. గాజులో ప్రతి పొర నుంచి వచ్చేదాన్ని కూడితే ఆ ఫలితం వస్తుంది. కానీ అది ఒక్క ముక్కలో చెప్పగలిగే బొమ్మ కాదు. పెద్దాపురం గారి మేడమ్ చెప్పింది గాలి నుంచి గాజుకి వెళ్ళేటప్పుడు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది.

ల్యాబ్_రికార్డు
ఈ రోజు మధ్యాహ్నం మళ్ళీ చేశాను. కెమెరా గారు చెప్పినట్టు ముందు ల్యాబ్ వరండాలో టైల్స్ మెరుపు చూశాను. డయల్ మీద 90 అని ఉన్నప్పుడు మెరుపు చావాలి, కానీ 99 దగ్గర చచ్చింది. పోలరైజర్ రేకు దాని రింగులో జారి ఉంది, అతికించిన జిగురు ఊడిపోయింది. దాన్ని ముట్టుకోకుండా తూనిక అన్న చెప్పినట్టు కోణం ఒకసారి, పోలరైజర్ ఒకసారి కుదిర్చాను. మూడోసారికి కదలడం ఆగింది. డయల్ మీద 10 దగ్గర, పతన కోణం 56.5 దగ్గర. tan 56.5° అంటే 1.511.

నేరు రీడింగ్ కొత్తగా తీసి 1000కి సరిచేస్తే కనిష్ఠం 0.3. నిన్న 4.6 ఉన్నది ఈ రోజు 0.3. కానీ పూర్తి సున్నా రాలేదు, అది కూడా రాయాలా?

గాజుపలక
రాయి. తుడిచిన గాజు మీద కూడా పలచని పొర ఏదో ఉంటుంది. నేను అదే అంటాను.

తూనిక
తప్పకుండా రాయి. నా అనుమానం వేరు. ప్లాస్టిక్ రేకు పోలరైజర్ అడ్డు ధ్రువణాన్ని పూర్తిగా ఆపదు. వెయ్యిలో ఒక వంతు వదిలినా లంబ ధ్రువణం 15 శాతం లెక్కన 0.15 ఇక్కడే వచ్చేస్తుంది. అర డిగ్రీ పోలరైజర్ తప్పినా వచ్చేది 0.01 మాత్రమే, కాబట్టి అది కాదు.

సగంవెలుగు
లేజర్ కిరణం కొద్దిగా విచ్చుకుంటుంది కదా, అన్ని కిరణాలూ ఒకే కోణంలో పడవు. అది కావచ్చు.

తూనిక
ఒక డిగ్రీ తప్పిన కిరణం కూడా 1000కి 0.1 మాత్రమే ఇస్తుంది. లేజర్ అంత విచ్చుకోదు. మంచి ప్రశ్నే, కానీ ఇక్కడ చాలదు.

గాజుపలక
అయితే 0.15 రేకుది అనుకుందాం. మిగతా 0.15 ఎవరిది? పొర లేదా గాజు మీద దుమ్ము చెదరగొట్టిన కాంతి. ఫోటోడయోడ్‌ని చేయి మీద రెండు డిగ్రీలు పక్కకి జరుపు, ప్రిజం కదపకు. అక్కడ కూడా 0.1 పైన వస్తే అది చెదిరిన కాంతి.

ల్యాబ్_రికార్డు
రేపు ఉదయం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది. ముందు రెండు రేకులు ఒకదానికొకటి అడ్డంగా పెట్టి ఎంత వదులుతున్నాయో కొలుస్తాను, తరువాత చేయి పక్కకి జరిపి చూస్తాను. రీడింగులు ఇక్కడే పెడతాను.

పెద్దాపురం_పిల్ల
దానితో పాటు 70 డిగ్రీల దగ్గర కొత్త రీడింగ్ కూడా పెట్టండి. నిన్నటి 49.8 లో 9 పైన లంబ ధ్రువణానిదే అని నా లెక్క. ఇప్పుడు 42 దగ్గర రావాలి.

ల్యాబ్_రికార్డు
అది ఈ రోజే తీశాను. 41.9.